నిమిషం చార్ట్‌లో గెలుస్తున్నా ఖాతా ఎందుకు కరుగుతోంది?

సమస్య

ఒక నిమిషం చార్ట్ పెట్టుకుని రోజుకు పది, పదిహేను ట్రేడ్లు వేస్తుంటారు. తెర మీద లాభం పచ్చగానే కనిపిస్తుంది. నెలాఖరున ఖాతా చూస్తే మాత్రం డబ్బు తగ్గి ఉంటుంది. నాకూ సరిగ్గా ఇదే జరిగింది. తప్పు ఇండికేటర్లలో ఉందనుకుని వాటిని మార్చుకుంటూ చాలా కాలం వృథా చేశాను.

మొదటి కారణం: టార్గెట్ చిన్నది, ఖర్చు మాత్రం అంతే

కొనడానికి, అమ్మడానికి ఫీజులు, స్ప్రెడ్, స్లిప్పేజ్ అన్నీ కలిపి ఒక ట్రేడ్‌కు 0.12 శాతం అవుతుందనుకుందాం. మీ టార్గెట్ 0.30 శాతం, స్టాప్ లాస్ 0.20 శాతం. ఖర్చే లేకపోతే వందలో 40 ట్రేడ్లు గెలిస్తే చాలు, అసలుకు మోసం రాదు. ఖర్చు కలిపితే ఒక గెలుపు 0.18కి తగ్గుతుంది, ఒక ఓటమి 0.32కి పెరుగుతుంది. అప్పుడు 64 గెలవాలి! అదే పద్ధతిని పెద్ద టైమ్‌ఫ్రేమ్‌కు తీసుకెళ్లి టార్గెట్ 1.20, స్టాప్ 0.80 పెట్టుకుంటే 46 గెలిస్తే సరిపోతుంది.

లెవరేజ్ వాడేవాళ్లు ఇంకో సంగతి మరిచిపోతారు. ఈ శాతం పడేది మీరు పెట్టిన మార్జిన్ మీద కాదు, మొత్తం పొజిషన్ విలువ మీద. అయిదింతల లెవరేజ్‌తో ఒక్కో ట్రేడ్‌కు మీ సొంత సొమ్ములో 0.6 శాతం ఖర్చుకే పోతుంది.

రెండో కారణం: అలసట ఆ ఖర్చును పెంచుతుంది

ఎనిమిదో ట్రేడ్ దాటాక నేనేం చేస్తున్నానో గమనించాను. లిమిట్ ఆర్డర్ పెట్టి ఎదురుచూసే ఓపిక పోయి మార్కెట్ ఆర్డర్ కొట్టేసేవాణ్ని, దాంతో స్లిప్పేజ్ పెరిగేది. టెన్షన్‌తో 0.30 దాకా ఆగకుండా 0.15 దగ్గరే బయటపడేవాణ్ని. 0.15లో 0.12 ఖర్చుకే పోతే చేతికి దక్కేది 0.03. తెర మాత్రం దాన్నీ గెలుపుగానే చూపిస్తుంది.

ఎలా కనిపెట్టాలి

ట్రేడ్ల జాబితాను దించుకుని టైమ్ వరుసలో షీట్‌లో వేయండి. A కాలమ్‌లో తేదీ (టైమ్ లేకుండా), C కాలమ్‌లో ఖర్చులు పోను మిగిలింది. B2లో ఇది పెట్టి కిందికి లాగండి, ఆ రోజు అది ఎన్నో ట్రేడో వస్తుంది:

```
=COUNTIF($A$2:A2,A2)
```

తర్వాత ఒక్కో నంబరుకు మొత్తం తీయండి. చివరి 1 స్థానంలో 2, 3 అలా మార్చుకుంటూ పోవాలి:

```
=SUMIFS(C:C,B:B,1)
```

లెవరేజ్ లేకుండా 100 పెట్టుబడితో 20 రోజుల్లో నేను వేసినవి 260 ట్రేడ్లు. ఖర్చులు తీయకముందు లాభం 6.5, ఖర్చులు 31.2. అంటే 24.7 నష్టం. విడదీసి చూస్తే ప్రతి రోజూ మొదటి నాలుగు ట్రేడ్లు, మొత్తం 80, ఖర్చులు పోగా 4.8 మిగిల్చాయి. తర్వాతి 180 కలిసి 29.5 పోగొట్టాయి.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. మొదటి ట్రేడ్లు బాగుండటం అలసట లేనందుకా, లేక ఆ వేళకు మార్కెట్ కదలిక బాగుండటం వల్లా? ఆలస్యంగా మొదలుపెట్టిన రోజుల్ని విడిగా చూడండి. ఆ రోజుల్లో కూడా మొదటి ట్రేడ్లే బాగుంటే వేళకు సంబంధం లేదనుకోవచ్చు. నా విషయంలో అలాగే తేలింది, అయినా 80 ట్రేడ్లు చిన్న లెక్కే కాబట్టి ప్రతి నెలా మళ్లీ చూస్తున్నాను.

పరిష్కారం

మొదటి ట్రేడ్ నుంచి నికర లాభాన్ని కూడుతూ పోతే ఏ నంబరు దగ్గర మొత్తం తగ్గడం మొదలవుతుందో చూసి, దానికి ముందు నంబరును రోజు పరిమితిగా పెట్టుకోవాలి. నాకది నాలుగు. ప్రతి కొత్త ఎంట్రీ ఒక ట్రేడే, స్టాప్ తగిలాక మళ్లీ దూరినా లెక్కే. విడతలుగా అమ్మడం మాత్రం లెక్కలోకి రాదు. ఈ రోజు మిగిలినవి రేపటికి కలవవు.

కాగితం మీద గీతలు గీసుకుంటే నాకు మూడు రోజులే నిలిచింది. మీ బ్రోకర్ దగ్గర రోజుకింతేనని లాక్ చేసే సదుపాయం ఉంటే అది పెట్టుకోండి, లేకపోతే నాలుగోది ముగియగానే లాగవుట్ అవ్వండి.

పరిమితి పెట్టాక నాకు ఎదురైన తిప్పలు రెండు. నాలుగే కదా అని పొజిషన్ రెట్టింపు చేయబుద్ధవుతుంది, అందుకే సైజు కూడా ముందే ఖాయం చేసుకోవాలి. ఇంకోటి, కోటా అయిపోతుందని నష్టంలో ఉన్నదాన్ని వదలకుండా పట్టుకోవడం. స్టాప్‌ను ఎంట్రీతో పాటే సిస్టమ్‌లో పెడితే ఆ బెడద తగ్గుతుంది.

ఒకవేళ షీట్‌లో మొదటి ట్రేడ్ల మొత్తమే మైనస్‌లో ఉంటే ఈ పరిమితి మీ జబ్బుకు మందు కాదు, నష్టం వేగాన్ని తగ్గిస్తుందంతే. అప్పుడు మార్చాల్సింది టైమ్‌ఫ్రేమ్.