ఎల్‌ఎంవీ లైసెన్సుతో లారీ తోలొచ్చా? ఆర్‌సీ చూడండి

గూడ్స్ బండి స్టీరింగ్ పట్టేముందు ఆర్‌సీలో లాడెన్ వెయిట్ చూడండి. అంటే బండి, సరుకు కలిపి అనుమతించిన మొత్తం బరువు. అది 7,500 కిలోలు దాటకపోతే ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి వాహనాల లైసెన్సు చాలు, విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రమాదకర సరుకు బళ్లకు మాత్రం ఇది వర్తించదు.

చాలామంది పొరబడేది ఖాళీ బరువు దగ్గరే. ఖాళీగా 4,500 కిలోలున్న లారీకి లాడెన్ వెయిట్ 11,000 ఉంటే, సరుకు లేకుండా తోలినా ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉండాల్సిందే. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పరిహారం సొమ్మును యజమాని నుంచి రాబట్టే వీలుంది. ట్రాన్స్‌పోర్ట్ ఎల్‌ఎల్‌ఆర్‌కు ఎల్‌ఎంవీ తీసుకుని ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి.

ఇక టూవీలర్‌కు గేర్లున్న బైక్ లైసెన్సే తీసుకోండి, దానిమీద స్కూటీ కూడా నడపొచ్చు. గేర్లు లేని బండి లైసెన్సుతో బైక్ కుదరదు.