టర్బైన్ బ్లేడుకు క్రీప్ ఆయుష్షు లెక్కించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఎక్కువ వేడిలో, ఒత్తిడి కింద లోహం మెల్లగా సాగుతూ చివరికి తెగిపోవడమే క్రీప్. గ్యాస్ టర్బైన్ పెద్ద మరమ్మతుకు ఆగినప్పుడు, మొదటి వరుస బ్లేడ్లను మళ్లీ బిగించాలా, మార్చాలా అన్న నిర్ణయం తరచుగా లార్సన్-మిల్లర్ పరామితి మీద ఆధారపడుతుంది. జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన లార్సన్, మిల్లర్ 1952లో ప్రచురించిన ఈ సూత్రం చాలా చిన్నది:

```
P = T (C + log t)
```

ఇక్కడ T కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, t లోహం తెగిపోవడానికి పట్టే గంటలు, C ఒక స్థిరాంకం, log పది ఆధారంగా తీసుకున్నది. ఒకే ఒత్తిడి దగ్గర P మారదన్న ఊహతో, ఎక్కువ వేడిలో త్వరగా ముగిసిన పరీక్ష నుంచి తక్కువ వేడిలో చాలాకాలం నడిచే భాగం ఆయుష్షును అంచనా వేస్తాము.

ఉదాహరణకు, ఒక నికెల్ మిశ్రలోహపు నమూనా బ్లేడు పని ఒత్తిడి దగ్గరే, 870 డిగ్రీల సెల్సియస్‌లో 1,000 గంటలకు తెగిందనుకుందాం. C విలువ 20 అయితే P = 1143 × 23 = 26,289 అవుతుంది. బ్లేడు లోహం 800 డిగ్రీల దగ్గర, అంటే 1073 కెల్విన్‌లలో పనిచేస్తుంటే, 26,289ని 1073తో భాగించి 20 తీసివేస్తే 4.5 మిగులుతుంది, అంటే సుమారు 31,600 గంటలు. ఈ సంఖ్యను నివేదికలో రాసే ముందు దానిని నాలుగు వైపుల నుంచి కదిలించి చూడాలి.

మొదట ప్రమాణాలు చూడండి. పొరపాటున సెల్సియస్ విలువలనే వాడితే ఇదే పరీక్ష లక్ష గంటలకు పైగా ఆయుష్షు చూపిస్తుంది, పైగా ఆ సంఖ్య చూడటానికి అసంభవంగా కూడా అనిపించదు. పాత అమెరికన్ పటాలలో ఉష్ణోగ్రత రాంకిన్ డిగ్రీలలో ఉంటుంది కనుక వాటి P విలువ మన విలువకు 1.8 రెట్లు ఉంటుంది. ఒక పటంలోని వక్రరేఖను మరో ప్రమాణంలోని లెక్కతో కలిపితే తప్పు బయటపడకుండా లోపలే ఉండిపోతుంది.

రెండవది C. అందరూ 20 వాడతారు గనుక మనమూ వాడటం అలవాటే తప్ప కారణం కాదు. పై ఉదాహరణలో C 18 అయితే ఆయుష్షు 23,400 గంటలకు తగ్గుతుంది, 22 అయితే 42,700 గంటలకు పెరుగుతుంది. కాబట్టి అదే లోహానికి, ఒకే ఒత్తిడి దగ్గర కనీసం మూడు ఉష్ణోగ్రతలలో పరీక్షలు చేసి, log tని 1/Tకి ఎదురుగా గీయాలి. ఆ గీతను 1/T సున్నా అయ్యే వరకు పొడిగిస్తే అది తాకే చోటు −C అవుతుంది. బిందువులు సరళరేఖ మీద పడకుండా వంగుతుంటే, వాటి మధ్య సగటు గీత గీసి ముందుకు పోకూడదు. ఆ వంపు లోహం తెగే తీరు మారిందని చెప్పే సూచన కావచ్చు.

ఎందుకంటే సూత్రానికి లోహం లోపల జరిగేది తెలియదు. నికెల్ మిశ్రలోహానికి బలమిచ్చే గామా ప్రైమ్ కణాలు వేలాది గంటల పనిలో ముతకబారి, బలం మెల్లగా తగ్గుతుంది. ఉష్ణోగ్రత మరీ పెంచితే అవే కణాలు కొంత కరిగిపోతాయి కూడా. అంతేకాక, సన్నని నమూనాను గాలిలో మరీ వేడిచేస్తే ఆక్సీకరణ వల్ల ముందే తెగవచ్చు, అప్పుడు ఆయుష్షు తక్కువగా కనిపిస్తుంది. ఆవిరి కేంద్రాలలో వాడే 9 శాతం క్రోమియం ఉక్కుల విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది: తక్కువకాలపు పరీక్షల నుంచి వేసిన తొలి అంచనాలను తర్వాత తగ్గించవలసి వచ్చింది. అందుకే అతి పొడవైన పరీక్షకు మూడు రెట్లకు మించి కాలాన్ని పొడిగించకూడదన్న నియమం ఆచరణలో ఉంది. మన 1,000 గంటల ఉదాహరణ ఆ నియమాన్ని పది రెట్లు మీరుతోంది. నియమంలో ఉండాలంటే 820 డిగ్రీల దగ్గర సుమారు 11,300 గంటల పరీక్ష, అంటే పదిహేను నెలలకు పైబడిన పరీక్ష, కావాలి. పొయ్యిని అంతకాలం ఖాళీగా ఇవ్వడానికి ఏ ప్రయోగశాలా సంతోషించదు, కానీ ఆ ఖర్చు బ్లేడు విరిగితే వెనుక వరుసలన్నిటికీ జరిగే నష్టంతో పోల్చవలసినది.

అన్నిటికన్నా ఎక్కువ అనుమానించవలసినది బ్లేడు ఉష్ణోగ్రత. లోహం నిజానికి 800 కాక 810 డిగ్రీల దగ్గర ఉంటే 31,600 గంటలు 18,800 అవుతాయి. పది డిగ్రీల పొరపాటుకు నలభై శాతం ఆయుష్షు పోతోంది. నడుస్తున్న బ్లేడు ఉష్ణోగ్రతను పది డిగ్రీల లోపు తెలుసుకోవడమే కష్టం. ఎగ్జాస్ట్ థర్మోకపుల్ చెప్పేది వాయువు ఉష్ణోగ్రత, లోహానిది కాదు. శీతలీకరణ రంధ్రం మూసుకుపోయిన బ్లేడులో ఒక చోట మాత్రమే వేడి పెరగవచ్చు. కాబట్టి వాడిన బ్లేడులో అత్యంత వేడి ఉండే చోటి నుంచి ముక్క కోసి, గామా ప్రైమ్ కణాల పరిమాణం నుంచి అది గడిపిన ఉష్ణోగ్రతను అంచనా వేసి, డిజైన్ విలువతో పోల్చడం మంచిది. రెండూ కలవకపోతే ఎక్కువ విలువనే లెక్కకు తీసుకోవాలి.

చివరగా, ఇదంతా తెగిపోయే కాలం. బ్లేడు అంతకు చాలా ముందే సాగి, దాని కొన కేసింగ్‌ను రాసుకోవచ్చు. కనుక ఒక శాతం సాగడానికి పట్టే కాలానికి కూడా విడిగా పరామితి వక్రరేఖ గీసి, ఆ రెండింటిలో ముందు వచ్చే కాలాన్నే, అదీ సగటు గీత నుంచి కాక పరీక్ష ఫలితాల చెదురుకు అడుగున ఉండే గీత నుంచి చదవాలి.