జోకు పేలినా మేనత్త మాట ఆగలేదా? ముందు ఇది చూసుకోండి

లక్షణం ఇది. గృహప్రవేశంలోనో పెండ్లిలోనో మేనత్త పదిమందిలో మీ ఒళ్ళు మీదో పెండ్లి మీదో ఒక మాట విసురుతుంది. మీరు నవ్వుతూ బదులిస్తారు. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. నెల తిరక్కముందే ఇంకో ఫంక్షన్‌లో అదే మాట మళ్ళీ వస్తుంది, ఈసారి చిన్నాయన నోటి నుంచి. మా కడప బంధువర్గంలో పిల్లలు ఇట్లాంటప్పుడు నా దగ్గరికి వచ్చి, ఇంకా గట్టి జోకు ఏదైనా చెప్పు పెద్దమ్మా అంటారు. నేను తిరిగి అడిగేది ప్రతిసారీ ఒకటే: ఆ మాటలో మీరు ఇంట్లో తప్ప ఇంకెక్కడా చెప్పని సంగతి ఏదైనా ఉందా? ఇది చూసుకున్నవాళ్ళు చాలా తక్కువ. అందరూ జోకు మీదే పడతారు.

ఇంటి సంగతి ఏదీ లేకపోతే

అప్పుడు పని తేలిక. జేజి "చిక్కిపోయినావ్ నాయనా" అంటే అది ప్రేమ, దానికి బదులు అక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. పోటుమాటకైతే మూడు పనులు చేసే ఒక్క వాక్యం కావాలి: వరస కలిపి పిలవాలి, నవ్వించాలి, తలుపు వేయాలి.

"ఏమే, ఇంత లావైతివి?" అని పెద్దమ్మ అంటే, "నీ చేతి ఓళిగలు తిని లావు కాకపోతే నీకే కదా పెద్దమ్మా చెడ్డపేరు. నా సంగతి ఇంక చాల్లే, నువ్వు తిన్నావా?" అనొచ్చు. "పప్పన్నం ఎప్పుడు పెడ్తావ్?" అంటే, "పప్పన్నమే అయితే రేపే పెడతా, ఇంటికి రా అత్తా. పెండ్లి కుదిరిన రోజు మొదటి పత్రిక నీకే, అంతవరకు అడగొద్దు" అనండి. రెండింటిలోనూ చివరి ముక్క వదిలిపెట్టకండి. అది లేకపోతే మీది సరదా కబురు అవుతుందే కానీ జవాబు కాదు.

జోకు ఎవరి మీద వేస్తున్నారో చూసుకోవాలి. అత్త మీద వేస్తే ఆమె కొడుకు సంగతి, కోడలి సంగతి బయటికి వస్తాయి, మాట మాట పెరుగుతుంది. మీ మీద మీరే వేసుకుంటే అది ఇంకా నష్టం. "అవునత్తా, గున్న ఏనుగులా తయారైనా" అని మీ నోటితో మీరంటే, రేపటి నుంచి ఆ మాట వాడుకునే హక్కు అందరికీ వస్తుంది. అందుకే తిండి మీద, పత్రిక మీద, పండగ మీద వేయండి. మీరన్న మాటను అత్త ఇంటికి పోయి "ఏమన్నాడో విన్నారా" అని నవ్వుతూ చెప్పుకోగలగాలి. ఆమె పరువు పోకుండా ఆమే చెప్పుకోగలిగితే ఆ జవాబు సరిగ్గా కుదిరినట్టు.

అదే రోజు రెండోసారి అడిగితే కొత్త జోకు వేయకండి. కొత్తది వేస్తే ఇదొక ఆట అనుకుని మూడోసారి కూడా అడుగుతారు. పాత జవాబునే సగానికి కుదించి చెప్పండి: "మొదటి పత్రిక నీకే అన్నా కదత్తా." మూడోసారికి నవ్వు అక్కర్లేదు. గొంతు పెంచకుండా, "పెద్దమ్మా, నా ఒళ్ళు గురించి మాట్లాడితే నాకు బాధగా ఉంటాది. ఇంకేదైనా మాట్లాడు" అని చెప్పి అక్కడే కూర్చోండి. లేచిపోతే ఆమె మాట కంటే మీ కోపమే ఫంక్షన్ కబురు అవుతుంది. కారణాలు మాత్రం ఎప్పుడూ చెప్పకండి. థైరాయిడ్ అని చెప్తే మందు చెప్తారు, పని ఒత్తిడి అంటే ఉద్యోగం మారమంటారు. కారణం చెప్పిన చోట బేరం మొదలవుతుంది.

ఇంటి సంగతి ఉంటే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నాకూ దీనితోనే దెబ్బ తగిలింది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

నా చెల్లెలి కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ముప్పై దగ్గరపడుతున్నాయి. ప్రొద్దుటూరు నుంచి ఒక సంబంధం వచ్చింది, వాళ్ళకు బంగారం అంగడి ఉంది. పెండ్లయ్యాక ఉద్యోగం మానాలన్నారు, అమ్మాయి వద్దంది. ఆ కారణం అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తరువాత మా వాళ్ళింట్లో గృహప్రవేశం జరిగింది. భోజనాల బంతిలో మేనత్త అందుకుంది: "ఉద్యోగం మానమన్నారని బంగారంలాంటి సంబంధం కాదంటివంటనే. రేపు వయసైపోతే ఎవురు చూస్తారు? ఎప్పుడు పెడ్తావ్ పప్పన్నం?" అమ్మాయి నేను నేర్పిన పప్పన్నం జవాబే చెప్పింది. బంతి మొత్తం నవ్వింది. వడ్డిస్తున్న మా చెల్లెలు మాత్రం నవ్వలేదు. గరిటె చారు బకెట్‌లోనే ఉండిపోయింది, చారు కోసం చెయ్యి చాపిన పెద్దాయన రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. ఆ రాత్రి తల్లీకూతుళ్ళకు మాటల్లేవు.

ఉగాదికి చిన్నమ్మ అడిగింది, ఆ తరువాత ఒక గంధం ఫంక్షన్‌లో మామ అడిగాడు. ముగ్గురి నోటా "రేపు వయసైపోతే ఎవురు చూస్తారు" అనే వాక్యం అక్షరం మారకుండా వచ్చింది. నాకు అనుమానం వచ్చింది అక్కడే. ముగ్గురు మనుషులకు ఒకే బాధ కలగొచ్చు కానీ, ఒకే వాక్యం ముగ్గురికీ తోచదు. ఆ వాక్యం మా చెల్లెలిది. కూతురితో నేరుగా అనలేక వదినె దగ్గర ఏడ్చింది, మరిది దగ్గర చెప్పుకుంది. వాళ్ళు మోసుకొచ్చారు.

అంటే అత్త ఇక్కడ మాట మోసిన మనిషి మాత్రమే. ఆమెను నవ్వుతో ఆపితే అమ్మకు వినిపించేది వేరు: నా బాధను నలుగురిలో నవ్వులాటగా తీసిపారేసింది అని. అప్పుడు అమ్మ ఇంకొకరిని వెతుక్కుంటుంది. జోకు ఎంత బాగా పేలితే అడిగేవాళ్ళు అంతమంది పెరుగుతారు.

దీన్ని పట్టుకోవడానికి మూడు గుర్తులు. మాటలో ఇంటి సంగతి ఉండటం ఒకటి. వేరువేరు మనుషుల నోట ఒకే వాక్యం రావడం ఇంకొకటి. మూడోది, అత్త మాట విసిరాక మీ మొహం వైపు కాకుండా మీ అమ్మ వైపో నాన్న వైపో చూడటం. ఆ చూపు కనబడితే అక్కడికక్కడ జోకు వేయకండి. "సరే అత్తా, ఆ సంగతి అమ్మా నేనూ మాట్లాడుకుంటాం" అని మెత్తగా చెప్పి వదిలేయండి. అమ్మకు కావలసింది ఆ మాటే, అత్తకు అందులో పట్టుకుని లాగడానికి ఏమీ ఉండదు.

అసలు మరమ్మతు ఇంట్లో. అదే రోజు వద్దు, ఫంక్షన్ అలసటలో ఏ మాటైనా వంకరగా వినబడుతుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీలా అడగడమూ వద్దు. మా అమ్మాయి ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మతో కూర్చొని చెనిక్కాయలు వలుస్తూ మొదలుపెట్టింది. "నువ్వే చెప్పినావా?" అని అడిగి ఉంటే మాట అక్కడే తెగిపోయేది. "అమ్మా, ఫంక్షన్లలో నిన్నెవరైనా ఏమన్నా అంటాండారా?" అని అడిగింది. కాసేపటికి వాళ్ళమ్మ నోరు విప్పింది: "పోయిన చోటల్లా నన్నే అడుగుతాండారు. నేనేం చెప్పల్ల? నువ్వు జోకులేసి బెంగళూరు బస్సెక్కుతావ్, ఈడుండేది నేను."

చిక్కు ఆ మాటలోనే ఉంది. కూతురికి జవాబు ఉంది, తల్లికి లేదు. అందుకని ఇద్దరూ కలిసి తల్లి చెప్పుకోగల వాక్యం ఒకటి తయారుచేశారు. మొదట కూతురు చెప్పిన మాట, "పెండ్లి తన ఇష్టం". వాళ్ళమ్మకు అది నోరు తిరగలేదు, తిరగదు కూడా. చివరికి ఆమె భాషలోనే కుదిరింది: "చూస్తాండాం వదినా. పిల్ల ఉద్యోగం మానమనని ఇల్లు కావల్ల. అట్లాంటిది నీకు తెలిస్తే చెప్పు." ఇందులో పెండ్లి వద్దన్నమాట లేదు, అదే సమయంలో ఉద్యోగం మానే ప్రసక్తీ లేదు. అడిగినవాళ్ళకు పని పడుతుంది. నిజంగా కావలసినవాళ్ళు వెతుకుతారు, ఊరికే అడిగినవాళ్ళు ఇంకో మాటలోకి పోతారు.

దాంతోపాటు ఇంకో ఒప్పందం కూడా చేసుకున్నారు. సంబంధాల మాట ఎప్పుడు ఎత్తాలో ముందే అనుకున్నారు: అమ్మాయి ఇంటికి వచ్చిన మొదటి రోజు వద్దు, తిరిగి వెళ్ళే ముందురోజు తీరికగా కూర్చొని మాట్లాడుకోవాలి. తల్లికి తన వంతు వస్తుందన్న నమ్మకం కలిగాక వదినెతో పని తగ్గింది. తరువాత ఫంక్షన్‌లో మేనత్త మళ్ళీ మొదలుపెడితే చెల్లెలే ముందు ఆ వాక్యం చెప్పింది. అమ్మాయి పక్కన నిలబడి, "వెతికి పెట్టత్తా, నీ సంబంధం కుదిరితే పట్టుచీర నీకే" అంది. ఈసారి చెల్లెలు కూడా నవ్వింది.

పని చేసిందో లేదో ఇట్లా తెలుస్తుంది: అడగడం పూర్తిగా ఆగదు, కానీ మాటల్లోంచి ఇంటి సంగతులు మాయమవుతాయి. ఉత్త "పప్పన్నం ఎప్పుడు?" మాత్రమే మిగిలితే, దానికి పైన చెప్పిన మామూలు జవాబు చాలు. ఇంటి సంగతులు ఇంకా వస్తూనే ఉంటే, మీ అమ్మో నాన్నో నిజంగానే ఆ సంబంధం చేసుకోవాలని పట్టుబడుతున్నారన్నమాట. దానికి ఏ వాక్యమూ పనికిరాదు. ఆ సంబంధం గురించే ఇంట్లో తేల్చుకోవాలి.

జీతం మాట

దీనికి వేరే కారణం ఉంటుంది. "ఎంతొస్తాంది, బెంగళూరులో లక్షలంట కదా?" అని ఎప్పుడూ పలకరించని మామ ఒంటరిగా పక్కకు పిలిచి అడిగితే, వెనకాల అప్పు ఉందేమో చూసుకోండి. "అప్పు అడగకుండా బతికేంత వస్తాంది మామా, అప్పిచ్చేంత మాత్రం రాలేదు" అనండి. నవ్వుతూనే రెండు ప్రశ్నలకూ జవాబు అయిపోతుంది. పదిమందిలో అడిగితే అది పోలిక కోసం, తన కొడుకు జీతం పక్కన పెట్టి చూడటానికి. అప్పుడు "నాది సరే మామా, తమ్ముడు ఎట్లుండాడు? వాడితో మాట్లాడి చాలా రోజులైంది" అని ఆ పిల్లవాడిని గౌరవంగా మాటలోకి తీసుకురండి. అంకె మాత్రం తక్కువ చేసి కూడా చెప్పకండి. తక్కువ చెప్తే అదే అంకె రేపు సంబంధాల దగ్గరికి పోతుంది, ఎక్కువ చెప్తే అప్పుల దగ్గరికి.

మిగతావి

పెండ్లిలో మందు తాగి వచ్చిన బావ మాటకు బదులు చెప్పొద్దు, పక్కకు జరగండి. పొలం తగాదా ఉన్న దాయాదులు బరువు గురించి అన్నా అది బరువు గురించి కాదు, పెద్దమనుషులకు వదిలేయండి. మేనరికం మనసులో పెట్టుకుని అడిగే అత్తకు జోకు వేస్తే ఆశ పెట్టినట్టవుతుంది, పెద్దవాళ్ళ చేత సూటిగా కాదనిపించండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటకు అక్కడ రాయకుండా, అన్నవాళ్ళకు ఫోన్ చేసి మాట్లాడండి.