గుడ్డు తింటున్నారు సరే, మందు మోతాదు సంగతి చూశారా?

ఈ మధ్య తెలిసిన ఒకాయన పొద్దున పదకొండింటికి బండి నడుపుతూ కళ్లు తిరిగి పడిపోయారు. దెబ్బలు పెద్దగా తగల్లేదు గానీ, ఆస్పత్రిలో చూస్తే షుగర్ 46. ఆయన పొద్దున తిండి మానలేదు, ఇన్సులిన్ రెండుసార్లు వేసుకోలేదు. షుగర్ పెరగదు కదా అని రోజూ తినే బ్రెడ్డు, ఓట్స్ పక్కన పెట్టి మూడు ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. ఇన్సులిన్ మాత్రం పాత మోతాదే వేసుకున్నారు.

గుడ్డు షుగర్‌ని పెంచదన్న మాట నిజమే. ఒక గుడ్డులో ప్రోటీన్ 6 గ్రాములు, కొవ్వు 5 గ్రాములు ఉంటాయి. పిండిపదార్థం ఒక్క గ్రాము కూడా ఉండదు. ఆయన పాత లెక్కలో రెండు బ్రెడ్డు ముక్కలు, చిన్న గిన్నెడు ఓట్స్ కలిపి దాదాపు 50 గ్రాముల పిండిపదార్థం. ఆయన ఇన్సులిన్ మోతాదును డాక్టరు కుదిర్చింది దాన్ని చూసే. మూడు గుడ్లలో రెండు గ్రాములైనా లేవు. మీరు ఏం తిన్నారో ఇన్సులిన్‌కు తెలియదు. అది తన పని తాను చేసుకుపోతుంది. నేను చూసినంతలో గుడ్డు విషయంలో మనుషుల్ని పడేసిన తప్పు ఇదొక్కటే: తిండి మార్చి, మందు మార్చకపోవడం.

ఎవరు భయపడాలి

తిండికి ముందు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు. ఈ మాత్రలు మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. చాలా బిళ్లల్లో వీటిని మెట్‌ఫార్మిన్‌తో కలిపేసి ఇస్తారు, కాబట్టి 'నాది మెట్‌ఫార్మినే' అనుకునే ముందు అట్ట మీద పూర్తిగా చదవండి. ఒట్టి మెట్‌ఫార్మిన్‌తో షుగర్ ఇలా పడిపోవడం అరుదు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లది ఇంకో సమస్య: పిండిపదార్థం దాదాపు పూర్తిగా మానేస్తే షుగర్ మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్‌ని నమ్మి ఇంట్లో కూర్చోకండి.

దేనితో తినాలి

ఒకటి రెండు గుడ్లు, పళ్లెంలో సగం దాకా పిండి తక్కువున్న కూరగాయలు, వాటితో పాటు మీకు అలవాటైన పిండిపదార్థం. దాన్ని తగ్గించాలనుకుంటే ముందు డాక్టరుతో మాట్లాడి మందు సర్దించుకోండి. తినేటప్పుడు గుడ్డు, కూరగాయలు ముందు తిని, బ్రెడ్డో అన్నమో చివర తింటే షుగర్ మెల్లగా పెరుగుతుంది. ఇంత తేలికైన పద్ధతిని చాలామంది పట్టించుకోరు.

గుడ్డు తిన్నాక షుగర్ పెరిగిందని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఏమేం తిన్నారో అడిగితే జ్యూసు, జామ్, వేయించిన బంగాళాదుంప ఒక్కొక్కటే బయటికొస్తాయి. పాపం, నింద మాత్రం గుడ్డు మీద.

ఇక మిగిలినవి:

కొత్త తిండి మొదలుపెట్టిన వారం తినే ముందు, తిన్న రెండు గంటలకు, మధ్యాహ్న భోజనానికి ముందు షుగర్ చూసుకోండి.

మోతాదు మీ అంతట మీరు సగం చేయకండి, మానేయకండి.

వెన్న, సాసేజ్‌లు గుడ్డు పక్కన రోజూ వద్దు. చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ ఎక్కువుంటే పచ్చసొనలు వారానికెన్నో డాక్టర్ని అడగండి. కిడ్నీ జబ్బుంటే ప్రోటీన్ ఎంతో అడిగి తినండి.

బండి నడిపే రోజు ఒట్టి గుడ్లతో బయల్దేరొద్దు. జేబులో గ్లూకోజ్ ఉండాలి.

చెమట, వణుకు, చిరాకు, తడబాటు వస్తే వెంటనే షుగర్ చూడండి. మీటర్ లేకపోతే పడిపోయిందనే అనుకోండి.

70 లోపు ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. ఇంకా పెరగకపోతే మళ్లీ అంతే.

అప్పుడు గుడ్డు పెట్టకండి. ఆ రోజు ఆయన చెమటలు పడుతున్నాయంటే ఇంట్లో పెట్టింది మరో గుడ్డే. పడిపోయిన షుగర్‌ని గుడ్డు లేపదు. చాక్లెట్టూ వద్దు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది.

స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి.

మాత్రల వల్ల పడిపోయిన షుగర్ లేచాక కూడా గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. తేరుకున్నాడు కదా అని ఒంటరిగా వదిలేయకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మళ్లీ చెబుతున్నా: పళ్లెంలో పిండిపదార్థం తీసేసిన రోజు పాత మోతాదు పాత మోతాదుగా ఉండకూడదు. రేపటి నుంచి గుడ్లే తిందామనుకుంటే డాక్టరుకు ఫోన్ ఈ రోజే చేయండి.