ఎండలు ముదరకముందే: గుండె పంపింగ్ తగ్గినవారికి మందుల జాగ్రత్తలు

టూడీ ఎకో స్కాన్‌లో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం శాతం, 40 లేదా అంతకన్నా తక్కువ వచ్చి, రోజూ నాలుగైదు రకాల మాత్రలు వేసుకునేవారికి ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒక చిక్కు ఉంటుంది. ఏడాది పొడవునా ప్రాణం కాపాడే మాత్రలే, ఒంట్లో నీరు బాగా తగ్గిన రోజున కిడ్నీని దెబ్బతీయగలవు. ఆ భయంతో వేసవంతా మందులు మానేస్తే గుండె మళ్లీ జారిపోతుంది. ఏ మాత్రను ఏ రోజు ఆపాలి, దేన్ని ఆపకూడదు, అసలు వేటి జోలికి పోకూడదు అన్నది ముందే తెలిసి ఉండాలి. దానికి ఆ మందులు లోపల ఏం చేస్తున్నాయో కొంచెం తెలియాలి.

గుండె తోసే బలం తగ్గినప్పుడు, శరీరం దాన్ని రక్తం కారిపోయిన స్థితిలాగే తీసుకుంటుంది. అడ్రినలిన్ జాతి హార్మోన్లు గుండె వేగం పెంచుతాయి. యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది. ఆల్డోస్టిరాన్ ఉప్పును, నీటిని బయటికి పోనివ్వకుండా కిడ్నీల చేత పట్టి ఉంచుతుంది. గాయపడి రక్తం పోయిన మనిషిని ఈ ఏర్పాటు కొన్ని గంటలు నిలబెడుతుంది. గుండె జబ్బు మనిషిలో మాత్రం అది నెలలు, ఏళ్లు సాగుతుంది. బిగుసుకున్న నాళాలలోకి రక్తాన్ని తోసి తోసి గుండె కండరం సాగుతుంది, పీచు పడుతుంది, ఎడమ గది ఉబ్బుతుంది. జబ్బు ముదరడమంటే చాలావరకు ఇదే.

అందుకే గుండెను బలవంతంగా కొట్టించే మందులు ఇక్కడ పనికిరాలేదు. మిల్రినోన్ మాత్రతో గుండె గట్టిగా కొట్టుకుంది కానీ, 1991లో వచ్చిన ప్రామిస్ పరిశోధనలో ఆ మాత్ర వాడినవారిలో మరణాలు 28 శాతం ఎక్కువయ్యాయి. దీనికి పూర్తిగా ఎదురైనది బీటా బ్లాకర్ కథ. అడ్రినలిన్‌ను అడ్డుకుని గుండెను నెమ్మదింపజేసే ఈ మందులు ఒకప్పుడు ఈ జబ్బులో నిషిద్ధం. 1999లో బిసోప్రొలాల్‌తో, మెటోప్రొలాల్ సక్సినేట్‌తో జరిగిన రెండు పెద్ద పరిశోధనల్లో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. అదే ఏడాది తీవ్రమైన జబ్బు ఉన్నవారిలో, ఆల్డోస్టిరాన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ మరణాలను 30 శాతం తగ్గించింది. యాంజియోటెన్సిన్ తయారీని తగ్గించే ఎనలాప్రిల్ 1987లోనే దారి చూపింది. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ 2014లో దాన్ని మించింది. షుగర్ మందుగా పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేనివారి గుండెకు కూడా మేలు చేస్తుందని 2019లో తేలింది.

నీరు తీసే ఫ్యూరోసెమైడ్ మాత్ర ఈ వరుసలోకి రాదు. అది ఆయాసాన్ని, కాళ్లవాపును త్వరగా తగ్గిస్తుంది, అవసరమైనప్పుడు దానికి సాటి లేదు. జబ్బు నడకను మార్చినట్టు మాత్రం రుజువు లేదు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. తేడా కంటికి కనిపిస్తుంది కాబట్టి నీటి మాత్రను వదలరు, ఏమీ తెలియడం లేదని మిగతావి మానేస్తారు. ఈఎఫ్ మామూలు స్థాయికి వచ్చింది కదా అని మానేయడం కూడా తప్పే. బ్రిటన్‌లో గుండె కోలుకున్నవారికి డాక్టర్ల పర్యవేక్షణలోనే మందులు ఆపించి చూస్తే, 25 మందిలో 11 మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది.

ఇక వేసవికి వద్దాం. ఈ మందులు హార్మోన్ల చేతులు కట్టేసి గుండెను కాపాడతాయి. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ వచ్చిన రోజున బీపీని, కిడ్నీలోని వడపోతను నిలబెట్టాల్సింది అదే హార్మోన్లు. ఆ రోజున చేతులు కట్టేసి ఉంటే శరీరానికి రక్షణ ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం వైపు, మే నెల, 44 డిగ్రీల ఎండ. అరవై రెండేళ్ల మనిషి, బరువు 64 కిలోలు. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ 50 మిల్లీగ్రాములు రెండు పూటలా, మెటోప్రొలాల్ సక్సినేట్ 50, స్పైరోనోలాక్టోన్ 25, డాపాగ్లిఫ్లోజిన్ 10, ఫ్యూరోసెమైడ్ 40 వాడుతున్నారనుకుందాం. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ మామూలుగా 1.2, పొటాషియం 4.6. పెళ్లి భోజనం పడక విరేచనాలు మొదలయ్యాయి. తిండి మానేశారు కానీ మాత్రలన్నీ వేసుకున్నారు. కాళ్లు పీకుతున్నాయని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకున్నారు. నీరసానికి మంచిదని ఇంట్లోవాళ్లు రోజుకు నాలుగు కొబ్బరిబొండాలు తాగించారు. మూడో రోజుకి బరువు 61, నిలబడితే పై బీపీ 84. రోజంతా రెండుసార్లే మూత్రం, అదీ ముదురు రంగులో. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.9, పొటాషియం 6.4.

కిడ్నీ వడపోతకు లోపలికి వచ్చే నాళం ఒకటి, బయటికి పోయే నాళం ఒకటి ఉంటాయి. నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్‌లు మొదటిదాన్ని వెడల్పు చేస్తాయి, యాంజియోటెన్సిన్ రెండోదాన్ని బిగిస్తుంది. అలా వడపోతకు కావలసిన ఒత్తిడి నిలుస్తుంది. డైక్లోఫెనాక్ ప్రోస్టాగ్లాండిన్‌లను ఆపి లోపలి దారిని ఇరుకు చేసింది. వాల్సార్టాన్ యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుని బయటి దారిని తెరిచి ఉంచింది. ఫ్యూరోసెమైడ్, డాపాగ్లిఫ్లోజిన్ ఉన్న కొద్ది నీటినీ బయటికి పంపాయి. వడపోత పడిపోగానే పొటాషియం బయటికి పోయే దారి మూసుకుంది. స్పైరోనోలాక్టోన్ దాన్ని మరింత మూసింది. కొబ్బరినీళ్లు ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 200 మిల్లీగ్రాముల పొటాషియం పోశాయి. పొటాషియం 6 దాటితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంది, అంతవరకూ కండరాల నీరసం తప్ప మరే గుర్తూ ఉండకపోవచ్చు. ఆ మనిషికి వెంటనే ఆసుపత్రి, ఈసీజీ కావాలి.

అదే మనిషి మొదటి రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి ఉంటే చెప్పే మాట దాదాపు ఇలా ఉంటుంది. తిండీ నీళ్లూ సరిగా పోనంతవరకు డాపాగ్లిఫ్లోజిన్, స్పైరోనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్, సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ ఆపండి. మెటోప్రొలాల్ మాత్రం ఆపవద్దు. బీటా బ్లాకర్‌ను ఉన్నపళంగా ఆపితే గుండె దడ, లయ తప్పడం మొదలవుతాయి. నాడి 50 కన్నా తగ్గినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా అప్పుడు డాక్టర్ దాని సంగతి చూస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ ఆపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉపవాసంలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, అది రక్తంలో కీటోన్ ఆమ్లాలను పెంచవచ్చు. షుగర్ రీడింగ్ పెద్దగా లేకపోయినా వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి ఉంటే ఆ అనుమానం పెట్టుకోవాలి.

ఈ ఆపే జాబితా అందరికీ ఒకటి కాదు. కిడ్నీ పనితీరును, బీపీని బట్టి మారుతుంది. మార్చి నెలలో చెకప్‌కు వెళ్లినప్పుడే మీ డాక్టర్ చేత దాన్ని మందుల చీటీ మీదే రాయించుకోండి. అప్పుడే క్రియాటినిన్, పొటాషియం, సోడియం చేయించుకుని ఆ అంకెలు దగ్గర పెట్టుకోండి. తర్వాత ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి అవే ఆధారం. రోజుకు ఎంత నీరు తాగాలన్నది కూడా అప్పుడే అడగండి. చలికాలంలో చెప్పిన లీటరున్నర, ఎండలో పనిచేసేవారికి చాలకపోవచ్చు.

ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోవడం ఈ కాలంలో అన్నిటికన్నా పనికొచ్చే అలవాటు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతోందని, అంతే తగ్గి కళ్లు తిరుగుతుంటే నీరు పోతోందని అర్థం. రెండింటిలోనూ ఆ రోజే ఫోన్ చేయాలి.

దూరం పెట్టాల్సినవాటిలో మొదటివి నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎటోరికాక్సిబ్, నొప్పికి వేసే ఇంజెక్షన్‌లు. ఎసిక్లోఫెనాక్‌ను పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు కాబట్టి అట్ట వెనక పేరు చదవాలి. ఒట్టి పారాసిటమాల్ ఫర్వాలేదు, నీళ్లలో పొంగే రకం మాత్రం వద్దు, దానిలో సోడియం ఎక్కువ. గ్యాస్‌కు తాగే సోడా పొడులదీ అదే సంగతి.

వేసవిలో మన ఊళ్లలో నీరసమనగానే సెలైన్ ఎక్కిస్తారు. ఒక అరలీటరు మామూలు సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, అంటే రోజంతా తినదగ్గ ఉప్పు దాదాపు మొత్తం. నిజంగా నీరు తగ్గినవారికి సెలైన్ కావాల్సిందే, అది బీపీ, ఊపిరితిత్తులు చూస్తూ ఆసుపత్రిలో నెమ్మదిగా ఎక్కించాలి. పంపింగ్ తగ్గిన మనిషికి ఒట్టి నీరసానికి గంటలో రెండు సీసాలు ఎక్కిస్తే ఆ రాత్రే ఆయాసంతో లేచి కూర్చోవాల్సి రావచ్చు. ఉప్పు తగ్గించాలని ‘లో సోడియం’ ఉప్పు కొనేవారు, దానిలో సోడియం బదులు పొటాషియం వేస్తారని గుర్తుంచుకోవాలి. స్పైరోనోలాక్టోన్ వాడేవారికి అది తగదు. కొత్త ఆవకాయ విషయం వేరే చెప్పక్కర్లేదు.

వేరే డాక్టర్ రాసే మందుల్లోనూ కొన్ని ఉంటాయి. బీపీకి, దడకు ఇచ్చే వెరాపమిల్, డిల్టియాజెమ్ పంపింగ్‌ను ఇంకా తగ్గిస్తాయి, అదే బీపీకి ఆమ్లోడిపిన్ ఇవ్వవచ్చు. షుగర్‌కు ఇచ్చే పియోగ్లిటాజోన్ కిడ్నీల చేత ఉప్పు, నీరు పట్టిస్తుంది. ఇది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రలో వస్తుంది, అందుకే కంట పడకుండా పోతుంది. సాక్సాగ్లిప్టిన్ వాడినవారు గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం పెరిగిందని 2013లో తేలింది. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా మందుల అట్టలన్నీ సంచిలో పట్టుకెళ్లాలి.

విరేచనాలు కట్టి, మామూలుగా తిని తాగడం మొదలైన 24 నుంచి 48 గంటల్లో ఆపిన మందులు తిరిగి మొదలుపెట్టాలి. ఈ పని మరచిపోవడం వల్ల జరిగే నష్టం, ఆపకపోవడం వల్ల జరిగే నష్టానికి తీసిపోదు. ఉదాహరణలోని మనిషికి మొదటి రోజే ఆపి ఉంటే, బరువు 64 దగ్గరికి రాగానే ఫ్యూరోసెమైడ్, తిండి కుదురుకోగానే డాపాగ్లిఫ్లోజిన్, క్రియాటినిన్, పొటాషియం చూసుకుని మిగతా రెండూ మొదలుపెడతారు. పొటాషియం 5.5 దాటి ఉంటే స్పైరోనోలాక్టోన్‌ను ఇంకా ఆగి, తక్కువ మోతాదుతో ఇస్తారు. తిరిగి మొదలుపెట్టిన వారానికి ఇంకోసారి రక్తపరీక్ష చేయిస్తారు. ఈ హడావుడిలో ఇంట్లో మిగిలిన పాత ఎనలాప్రిల్ లేదా రామిప్రిల్ అట్ట తీసి వేసుకోకూడదు. సాక్యుబిట్రిల్‌కూ వీటికీ మధ్య కనీసం 36 గంటల ఎడం లేకపోతే నాలుక, గొంతు వాచి ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు. ఆ పాత అట్టలు ఈ రోజే తీసి పారేయండి.