ఈసిమ్‌ను ఫోన్‌లోంచి తొలగించే ముందు ఆటో రెన్యువల్ ఆపండి

విదేశీ ప్రయాణం కోసం కొన్న ఈసిమ్‌ను ఇంటికి రాగానే ఫోన్‌లోంచి తొలగించి, ఇక పని అయిపోయిందని అనుకున్నాను. నెల తిరిగేసరికి కార్డు నుంచి మళ్లీ డబ్బు పోయింది. తొలగించినది ఫోన్‌లోని ప్రొఫైల్ మాత్రమే. చందా మాత్రం కంపెనీ వద్ద ఉన్న నా ఖాతాలో అలాగే నడుస్తోంది.

ఇప్పుడు పాటిస్తున్న క్రమం ఇది. ప్యాక్ మొదలైన రోజే కంపెనీ యాప్‌లో ఆ ప్లాన్ తెరిచి Auto-renew మీటను ఆపేస్తాను. డేటా అయిపోగానే దానంతట అదే మరో ప్యాక్ కొనే Auto top-up అనే మీట విడిగా ఉంటే దాన్నీ ఆపాలి, ఎందుకంటే అది తేదీతో సంబంధం లేకుండా పనిచేస్తుంది. Auto-renew మాత్రం తేదీని బట్టి నడుస్తుంది: ఉదాహరణకు 30 రోజుల ప్యాక్ 3వ తేదీన మొదలై, 12 రోజుల్లో ప్రయాణం ముగిసినా, తర్వాతి డబ్బు కోత వచ్చే నెల మొదట్లోనే పడుతుంది. అప్పటికి మనకు ఆ సంగతే గుర్తుండదు. ఆపిన తర్వాత Renews అన్న చోట Expires అని తేదీ కనిపిస్తే దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాతే ప్రొఫైల్ తొలగిస్తాను.

ఒక జాగ్రత్త: డబ్బు యాప్ స్టోర్ లేదా గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే కంపెనీ యాప్‌లో వెతకడం వృథా, ఆ స్టోర్‌లోని Subscriptions పేజీలోనే, కోత తేదీకి కనీసం ఒక రోజు ముందుగా రద్దు చేయాలి. కొన్ని ప్లాన్లు రద్దు చేసిన క్షణమే ఆగిపోతాయి కాబట్టి, ప్రయాణంలో ఉండగా రద్దు మీట నొక్కేటప్పుడు దాని కింద ఉన్న వాక్యం చదివి నొక్కండి.