వరద సాయానికి డ్రోన్ ఎగరేసే ముందు: బరువును సర్వో హార్న్‌కు వేలాడదీయకండి

ఇటీవల ఒక కళాశాల మైదానంలో వరద సహాయక చర్యల మాక్ డ్రిల్ జరుగుతుండగా, అరకిలో మందుల సంచితో పన్నెండు మీటర్ల ఎత్తున వెళ్తున్న డ్రోన్ నుంచి ఎవరూ మీట నొక్కకుండానే సంచి జారిపోయి, తాడు పట్టుకుని నిలబడిన వాలంటీర్లకు నాలుగడుగుల దూరంలో పడింది. ఆ యంత్రాన్ని విప్పి చూసే పని నాకు అప్పగించారు. సంచిని వదిలే చిన్న మోటారు, అంటే సర్వో లోపలి తెల్లని నైలాన్ గేరులో వరుసగా రెండు పళ్లు గోటితో గీకేసినట్టు అరిగిపోయి ఉన్నాయి. రేడియో, ప్రోగ్రామ్ రెండూ సరిగానే ఉన్నాయి. లోపమంతా సంచి వేలాడిన చోటే ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు డ్రోన్లతో ఆహారం, మందులు అందించిన సంగతి మనకు తెలుసు. అప్పటి నుంచి వానాకాలం వస్తుందనగానే చాలామంది విద్యార్థులు, స్వచ్ఛంద బృందాలు సొంతంగా ఇలాంటి విడుదల యంత్రాలను తయారు చేసుకుంటున్నారు. ప్రొపెల్లర్లు బిగించుకోవడం, బ్యాటరీ చూసుకోవడం, అనుమతులు తీసుకోవడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఒక్కటే: బరువును సర్వో తిప్పే చిన్న చేయి మీదే, అంటే హార్న్ మీదే వేలాడదీయడం.

అది తప్పని మొదట ఎందుకు అనిపించదో లెక్కలోనే తెలుస్తుంది. అందరూ వాడే 9 గ్రాముల చిన్న సర్వో తిప్పే బలం, అంటే టార్క్ సుమారు 1.8 కిలో-సెంటీమీటర్లు. హార్న్ మీద 1.5 సెంటీమీటర్ల దూరంలో 500 గ్రాముల సంచి తగిలిస్తే పడే భారం 0.75. బల్ల మీద పరీక్షిస్తే హాయిగా మోస్తుంది, చెప్పగానే వదులుతుంది కూడా. గాలిలో పరిస్థితి వేరు. సంచి ఊగి, తాడు ఒక్క క్షణం వదులై మళ్లీ బిగుసుకున్నప్పుడు కుదుపు మూడింతలు కావడం పెద్ద విశేషమేమీ కాదు. అప్పుడు భారం 2.25కు చేరి, సర్వో హద్దు దాటిపోతుంది. దానికి తోడు, ప్రయాణమంతా సర్వో బరువుతో పెనుగులాడుతూ కరెంటు లాగి వేడెక్కుతుంది, ఆ కరెంటు ఒక్క క్షణం తగ్గినా హార్న్ వాలిపోతుంది. లోహపు గేర్లున్న సర్వో పెడితే చాలు కదా అని కొందరు అడుగుతారు. గేరు పళ్లు ఊడకపోవచ్చు, కానీ కరెంటు పోయినప్పుడు వాలిపోవడం మాత్రం ఆగదు.

బరువును ఫ్రేము మోయాలి, సర్వో కేవలం గడియ లాగాలి. తలుపు గడియను ఊహించుకోండి: తలుపు బరువు కీళ్ల మీద ఉంటుంది, గడియ అడ్డంగా మాత్రమే కదులుతుంది. ఫ్రేము అడుగున 3 మిల్లీమీటర్ల మందం గల రెండు ప్లేట్లను 8 మిల్లీమీటర్ల ఎడంతో నిలబెట్టి, రెండింటికీ ఎదురెదురుగా రంధ్రాలు వేసి, వాటిగుండా 2 మిల్లీమీటర్ల ఉక్కు పిన్ పోనివ్వాలి. సైకిల్ చక్రం ఊచ ముక్క దీనికి చక్కగా సరిపోతుంది. సంచికి కట్టిన నున్నని లోహపు రింగు ఆ ప్లేట్ల నడుమ పిన్‌కు తగులుకుని ఉంటుంది. పిన్ రెండు వైపులా ఆనుకుని ఉంది కనుక బరువంతా ప్లేట్లలోకి దిగుతుంది. కరెంటు పోయినా పిన్ ఉన్నచోటే ఉంటుంది.

దూరం లెక్క కూడా వేసుకోవాలి. పిన్ అవతలి ప్లేటు దాటి 2 మిల్లీమీటర్లు బయటికి రావాలి. అక్కడి నుంచి రింగు జారేంతవరకు వెనక్కి లాగాలంటే 2, 3, 8 కలిపి 13 మిల్లీమీటర్లు కావాలి. హార్న్ మీద 1.2 సెంటీమీటర్ల దూరంలోని రంధ్రానికి పిన్‌ను లాగే తీగ తగిలించి 90 డిగ్రీలు తిప్పితే పిన్ సుమారు 17 మిల్లీమీటర్లు కదులుతుంది కనుక కాస్త మిగులు ఉంటుంది. రింగు దగ్గరా ప్లేట్ల దగ్గరా కలిపి రాపిడి 300 గ్రాములనుకున్నా సర్వో మీద పడేది 0.36 మాత్రమే, అంటే దాని శక్తిలో అయిదో వంతు. అదే సర్వో, అదే సంచి. మారింది బరువు వేలాడే చోటు ఒక్కటే.

సమతూకం సంగతికి వస్తే, యంత్రాన్ని జాగా ఉన్న చోట కాకుండా గురుత్వ కేంద్రానికి సరిగ్గా కింద అమర్చాలి. రెండు కిలోల డ్రోన్‌కు అరకిలో సంచిని 4 సెంటీమీటర్లు ముందుకు కడితే మొత్తం కేంద్రం 8 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఎగురుతున్నంతసేపు ముందు మోటార్లు ఎక్కువ పని చేసి దాన్ని కప్పిపుచ్చుతాయి. సంచి వదలగానే ఆ అదనపు బలం అక్కడే ఉండిపోయి ముక్కు పైకి లేస్తుంది. కేంద్రం సరిగ్గా ఉన్నా, రెండున్నర కిలోలను మోస్తున్న బలం రెండు కిలోల మీద పడుతుంది కనుక డ్రోన్ పైకి ఉరుకుతుంది. అందుకే చెట్టు కొమ్మల కింద, కరెంటు తీగల పక్కన వదలకూడదు.

గురి విషయంలో కదులుతూ వదలాలన్న ఆశ మానుకోండి. పది మీటర్ల ఎత్తు నుంచి సంచి నేల చేరడానికి సుమారు 1.4 సెకన్లు పడుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంటే అది 7 మీటర్లు ముందుకు పోయి పడుతుంది. అది మేడ మీద పడాల్సింది పోయి పక్క వీధి నీళ్లలో పడుతుంది. ఆగి, నిలకడగా నిలబడి, ఊగడం తగ్గేదాకా వేచి ఉండి, తర్వాతే వదలండి. ఆ సంచి సెకనుకు 14 మీటర్ల వేగంతో, అంటే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుందని మరవకండి.

డ్రోన్‌ను నడిపే పిక్స్‌హాక్ బోర్డు మీద ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి, రిమోట్ ఏడో ఛానెల్‌తో తొమ్మిదో అవుట్‌పుట్‌లోని సర్వోను కదిలించే అమరిక ఇంతే:

```
GRIP_ENABLE      1
GRIP_TYPE        1
SERVO9_FUNCTION  28
RC7_OPTION       19
```

సర్వో తీగలు తగిలించే వరుసకు పిక్స్‌హాక్ తనంతట తాను కరెంటు ఇవ్వదు. బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే 5 వోల్టుల బీఈసీ వేరేగా పెట్టండి. రిసీవర్ నుంచి లాక్కోకండి.

బ్యాటరీ తగిలించిన క్షణంలో సర్వో ఒకసారి అదురుతుంది. ఆ అదురుకు పిన్ ఊడుతుందేమో నేల మీదే చూడండి. ప్రొపెల్లర్లు తీసేసి, సంచి తగిలించి, రిమోట్ ఆపేయండి. పిన్ కదిలితే ఆ రోజు ఎగరేయకండి. సంచి తగిలించి చేత్తో గట్టిగా ఊపండి. అసలు బరువుతో ఇరవైసార్లు వదలండి, సగం బరువుతో మరో ఇరవై. తేలిక సంచులే రింగు దగ్గర ఎక్కువగా చిక్కుకుంటాయి. పిన్ కొనను ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి. తాడు ముడిని పిన్‌కు నేరుగా తగిలించకండి. తాడు ప్రొపెల్లర్లకు అందేంత పొడవు ఉండకూడదు. కింద మనుషులుంటే వదలకండి, వాళ్లు చేతులు చాచి పిలిచినా సరే. తడిసిన సర్వోను ఆరబెట్టి మళ్లీ వాడకండి, మార్చేయండి. వేగం కోసమైనా, తొందరలోనైనా, ఒక్క ట్రిప్పు కోసమైనా బరువును హార్న్‌కు తగిలించకండి. అవతలి ప్లేటు బయట పిన్ కొన కంటికి కనిపించనిదే డ్రోన్‌ను నేల మీద నుంచి లేపకండి.